సంక్రాంతి తేదీకీ మంచు యుగానికీ ఏమిటి సంబంధం?

ప్రశ్న: జనవరిలో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుందట, మనకేమో అప్పుడే చలి. మరి కక్ష్యలో, వంపులో వచ్చే కాస్త తేడాలకే మంచు యుగాలు వచ్చాయంటే ఎలా నమ్మేది?

మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. హైస్కూల్లో సైన్సు చెప్పేవాడిని. చలికాలాలు ముదిరితే మంచు యుగం వస్తుందని చాలా ఏళ్లు పిల్లలకు తప్పు చెప్పాను. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ క్రోల్ కూడా ఇలాగే అనుకున్నాడని తెలిశాక కొంచెం సిగ్గు తగ్గింది.

ఆ తప్పు బయటపెట్టింది సైన్యంలో పనిచేసిన మా బావ. "లేహ్‌లో చలికి చేతులు పనిచేయవు బావా, కానీ మంచు పడేది తక్కువే. పడ్డదీ వేసవికి కరిగిపోతుంది. ఎండాకాలం దాటి మిగిలే ఎత్తుల్లోనే హిమానీనదాలు" అన్నాడు.

మంచు యుగాలను భూమి కక్ష్యతో ముడిపెట్టిన సెర్బియా శాస్త్రవేత్త మిలాంకోవిచ్ లెక్క సరిగ్గా ఇదే. ఆయన చూసింది ఉత్తరాన 65 డిగ్రీల దగ్గర వేసవి ఎండని. కెనడా, స్కాండినేవియా వైపు చలికాలం ఎలాగూ గడ్డకట్టే చలే. వేసవి ఎండ తగ్గితే పాత మంచు పూర్తిగా కరగదు, దాని మీద మళ్లీ కొత్తది పడుతుంది. అలా వేల ఏళ్లు పేరుకుంటుంది.

ఇక ఎండ ఎందుకు తగ్గుతుందో చూద్దాం. అసలు ఉత్తరాయణం డిసెంబరు 21, 22 తేదీల్లో మొదలవుతుంది, మన సంక్రాంతి జనవరి 14, 15లకు వస్తుంది. పంచాంగంలో అయనాంశ అని రాసే సుమారు 24 డిగ్రీల తేడా అది. భూమి అక్షం బొంగరంలా తల తిప్పుతూ ఒక చుట్టుకు దాదాపు 26,000 ఏళ్లు తీసుకోవడమే దానికి కారణం. కక్ష్య కూడా మెల్లగా తిరుగుతుంది కాబట్టి, సూర్యుడికి దగ్గరయ్యే రోజు అన్ని రుతువులూ చుట్టి రావడానికి సుమారు 21,000 ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు జనవరి మొదట్లో దగ్గర, జులై మొదట్లో దూరం. తేడా 50 లక్షల కిలోమీటర్లు, వెలుగులో 7 శాతం. అంటే ఉత్తరాన వేసవి ఎండ కాస్త మెత్తగా ఉంది. సుమారు 11,000 ఏళ్ల కిందట దగ్గరయ్యే రోజు వేసవిలో పడింది, భూమి అక్షం వంపు కూడా ఇప్పటి 23.4 కంటే ఎక్కువ, 24 డిగ్రీల పైన. ఆ రోజుల్లోనే పెద్ద మంచు పలకలు కరిగిపోతున్నాయి. కక్ష్య బాగా సాగినప్పుడు ఆ 7 శాతం 20 దాటుతుంది. అందుకే మీరన్నట్టు అవి "కాస్త తేడాలు" కావు.

అలాగని అంతా ఎండ పనే కాదు. ఏడాది మొత్తం మీద భూమికి అందే వేడి పెద్దగా మారదు. తెల్లటి మంచు ఎండని తిప్పికొట్టడం, గాలిలో కార్బన్ డయాక్సైడ్ 280 నుంచి 180 పీపీఎంకి పడిపోవడం చలిని పెంచాయి.

రుజువు 1976లో హేస్, ఇంబ్రీ, షాకల్టన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో అడుగు నుంచి తీసిన బురదలోని సూక్ష్మ గవ్వల్లో మంచు పెరిగి తరిగిన సుమారు 23, 41, 100 వేల ఏళ్ల లయలు దొరికాయి. ఇవి వరుసగా అక్షం తల తిప్పడానికి, వంపు మారడానికి, కక్ష్య సాగి మళ్లీ తగ్గడానికి సంబంధించినవి. చిక్కల్లా చివరిదానితోనే. పది లక్షల ఏళ్ల కిందటి వరకు మంచు 41 వేల ఏళ్లకోసారి వచ్చిపోయేది, తర్వాత లక్ష ఏళ్లకు మారింది. కక్ష్య లెక్కల్లో అలా మారడానికి కారణమేమీ కనిపించదు. దీని మీద శాస్త్రవేత్తల వాదన ఇంకా నడుస్తూనే ఉంది.