నానో కథ: రెండు లక్షల బుకింగ్‌లు, 509 కార్లు

"విఫలమైన ఒక ఉత్పత్తి గురించి ఎంబీఏ విద్యార్థులకు ఇరవై నిమిషాలు మాట్లాడాలి. స్లైడ్లు ఉండవు. పాఠాలు కలగాపులగం కాకుండా ఒకదాని తర్వాత ఒకటి ఎలా చెప్పాలి?"

నేను తరగతిలో టాటా నానో కథ చెబుతుంటాను. మొదటిసారి 2008 నుంచి వరుసగా చెప్పుకుంటూ పోయాను. చివర్లో కారణం అడిగితే అందరూ "చాలా కారణాలున్నాయండి" అన్నారు. కారణాలన్నింటినీ ఒకే బరువుతో వినిపించడం నా పొరపాటు.

ఇప్పుడు బోర్డు మీద రెండు అంకెలు మాత్రమే రాస్తాను. 2009 ఏప్రిల్‌లో వచ్చిన బుకింగ్‌లు రెండు లక్షల పైచిలుకు. 2010 నవంబరు నెలలో అమ్ముడైన కార్లు 509. మధ్యలో ఏం జరిగిందో వాళ్లనే ఊహించమంటాను.

ఎవరో ఒకరు నానో కర్మాగారాన్ని మొదట కట్టిన పశ్చిమ బెంగాల్‌లోని సింగూర్ పేరెత్తుతారు. భూసేకరణపై ఆందోళన వల్ల 2008 అక్టోబరులో కర్మాగారం గుజరాత్‌లోని సాణంద్‌కు మారింది, అక్కడ ఉత్పత్తి 2010 జూన్‌లో గానీ మొదలు కాలేదు, ఈలోగా తొలి లక్ష మంది కొనుగోలుదారులను లాటరీ తీసి ఎంపిక చేయాల్సి వచ్చింది. ఇది మొదటి పొర: ఉత్సాహం ఉన్నప్పుడు సరుకు లేదు. అయితే 509 నాటికి ఏడాదికి రెండున్నర లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం సిద్ధంగా ఉంది కదా అని అడిగితే ఆ జవాబు సరిపోదని వాళ్లకే తెలుస్తుంది.

అప్పుడు రెండో పొరగా కొన్ని కార్లకు నిప్పంటుకున్న వార్తల ప్రస్తావన వస్తుంది. కంపెనీ అదనపు రక్షణ ఏర్పాట్లను ఉచితంగా చేస్తామన్నా భయం పోలేదు. ఎందుకు పోలేదన్న ప్రశ్నే మూడో పొరకు దారి, ఇరవై నిమిషాల్లో సగం నేను దీనికే ఇస్తాను. మొదటి మోడల్‌కు ఒకే వైపర్, చక్రానికి మూడే నట్లు, వెనక తెరుచుకోని డిక్కీ. సామాను పెట్టాలంటే వెనక సీటు వంచాలి. ఖర్చు తగ్గించడంలో ఇవి నిజంగా తెలివైన నిర్ణయాలు. కానీ "అతి చవక కారు" అన్న ముద్ర పడ్డాక అవే నాసిరకానికి గుర్తులుగా కనిపించాయి, మంటల వార్తలను నమ్మడమూ తేలికైంది. స్కూటరు నుంచి కారుకు మారే కుటుంబం వీధిలో నలుగురూ చూడాలనుకుంటుంది. ఆ కారు పేదరికాన్ని చాటితే ఆ కుటుంబం కొనకుండా ఆగిపోతుంది. చవక కారుగా ప్రచారం చేయడం పొరపాటని రతన్ టాటాయే తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నారు.

"పేరు మార్చి ఉంటే సరిపోయేదా?" అని ఎవరైనా తప్పక అడుగుతారు. 2015లో తెరుచుకునే డిక్కీ, పవర్ స్టీరింగ్‌తో కొత్త నానో వచ్చిందని చెప్పి, బోర్డు మీద మూడో అంకె రాస్తాను: 2018 జూన్‌లో తయారైన నానోలు, 1.