ఒకటి, రెండు తరగతుల ఆటల పీరియడ్‌కు చింతపిక్కల సంచులు, పాత టైర్లు, ఖాళీ సీసాలు

ప్రశ్న: మాది ఇద్దరు ఉపాధ్యాయులున్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. పీఈటీ లేరు. ఒకటి, రెండు తరగతులు కలిపి 24 మంది పిల్లలు. ఆటల పీరియడ్‌లో ఇవ్వడానికి రెండు బంతులు తప్ప ఏమీ లేవు. పారేసే వస్తువులతో ఈ వయసు పిల్లలకు పనికొచ్చే పరికరాలు ఏవి, ఎలా చేసుకోవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు:

నేనూ ఎస్‌జీటీనే. ఇలాంటి చిన్న బడిలోనే చాలా కాలంగా పనిచేస్తున్నాను. పాత సామానుతో పది రకాల పరికరాలు చేయవచ్చు గానీ, మీ పరిస్థితిలో మొదట చేయవలసింది ఒక్కటే: తలకొకటి వచ్చేలా 24 చింతపిక్కల సంచులు. రెండు బంతులతో ఇరవై నలుగురిని ఆడిస్తే పిల్లలు పీరియడ్‌లో ఎక్కువ భాగం వరుసలో నిలబడే ఉంటారు. పైగా ఐదారేళ్ల పిల్లల చేతిలో బంతి నిలవదు. తగిలిన ప్రతిసారీ దొర్లిపోతుంది, దాని వెంట పరుగెత్తడమే ఆట అయిపోతుంది. గింజల సంచి ఎగరదు, దొర్లదు, పడిన చోటే ఉంటుంది, తగిలినా నొప్పి పుట్టదు. అందుకే విసరడం, పట్టడం నేర్పడానికి ఈ వయసులో బంతి కన్నా సంచే మేలు.

బయటి గుడ్డకు పాత జీన్స్ ప్యాంటు అన్నిటికన్నా బాగుంటుంది. తల్లిదండ్రులను అడిగితే ఇస్తారు, టైలరు దగ్గర యూనిఫాం ముక్కలు కూడా దొరుకుతాయి. లుంగీ గుడ్డ, పాత చొక్కాలు పలచన, కొద్ది రోజులకే చిరుగుతాయి. పెద్దవారి ప్యాంటు ఒకటి ఉంటే మోకాళ్ల దగ్గర అరిగిన భాగం పోగా ఏడెనిమిది సంచులు వస్తాయి. 14 సెంటీమీటర్ల చదరపు ముక్కలు కత్తిరించి, అంచు నుంచి ఒక సెంటీమీటరు వదిలి కుడితే 12 సెంటీమీటర్ల సంచి తయారవుతుంది, ఆ వయసు పిల్లల అరచేతికి అది సరిపోతుంది. రెండు ముక్కలనూ తిరగవేసి మూడు వైపులు పూర్తిగా, నాలుగో వైపు మూడు వేళ్లు పట్టేంత సందు వదిలి కుట్టాలి. చేత్తో కుట్టేటప్పుడు సూదిని ముందుకు మాత్రమే నడిపిస్తూ పోతే, ఒక్క చోట దారం తెగగానే కుట్టంతా ఊడిపోతుంది. కాబట్టి ప్రతి కుట్టుకూ సూదిని కాస్త వెనక్కి తెచ్చి గుచ్చాలి. మూలల దగ్గర రెండు వరసలు వేయండి, ఎందుకంటే పిల్లలు సంచిని ఎప్పుడూ మూల పట్టుకునే తిప్పుతారు.

లోపల పాత నూలు చీర ముక్కతో మరో సంచి కుట్టి, గింజలను అందులో పోసి మూసిన తరువాతే బయటి సంచిలో పెట్టడం మంచిది. ఇది అదనపు పని అనిపించవచ్చు. కానీ మన బడుల ఆవరణలో చాలా చోట్ల అంగన్‌వాడీ కూడా ఉంటుంది. బయటి కుట్టు ఊడి గింజలు నేల మీద పడితే మూడేళ్ల పిల్లలు వాటిని నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. లోపలి సంచి ఉంటే కుట్టు ఊడిన సంగతి ముందుగా మన కంట పడుతుంది.

నింపడానికి చింతపిక్కలే ఎందుకంటే, చింతపండు కొట్టే రోజుల్లో ఏ ఊళ్లోనైనా అవి ఊరికే దొరుకుతాయి, పైగా గట్టివి. బియ్యం, శనగలు వేస్తే పురుగు పడుతుంది, ఎలుకలు వదలవు. తినే గింజలను ఆటకు వాడటం ఊళ్లో పెద్దవాళ్లకూ నచ్చదు, వాళ్ల మాటా నిజమే. ఇసుక సులువుగా దొరుకుతుంది కానీ, సంచిలో అదే మేరకు నింపితే చింతపిక్కల కన్నా రెట్టింపు బరువుంటుంది. బరువు తగ్గించడానికి కొంచెమే పోస్తే అంతా ఒక మూలకు చేరి సంచి వేలాడిపోతుంది, సన్నటి ఇసుక నేత సందుల్లోంచి కారుతుంది కూడా. చింతపిక్కలకూ పుచ్చు పడుతుంది. చిల్లులున్న గింజలను ఏరి పారేసి, మిగిలినవాటిని గుజ్జు అంటుకుని లేకుండా కడిగి, రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఎండబెట్టి, ఖాళీ మూకుడులో కాసేపు వేయిస్తే ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

పరిమాణం దగ్గరే ఎక్కువమంది తడబడతారు. సంచి నిండుగా ఉంటే చూడడానికి బాగుంటుంది గానీ పట్టడానికి పనికిరాదు. అరచేతికి తగిలి ఎగిరి పడుతుంది. సగానికి కొంచెం అటూ ఇటూ నిండితే చాలు, బరువు 100 నుంచి 120 గ్రాముల మధ్య వస్తుంది. ఒకసారి కిరాణా కొట్టులో తూయించి, ఆ గింజలు ఏ టీ గ్లాసులో ఎంతవరకు వచ్చాయో గుర్తు పెట్టుకుంటే మిగిలినవాటికి ఆ గ్లాసే కొలత. సరిగా వచ్చిందో లేదో చూడడానికి సంచిని చాచిన అరచేతి మీద పెట్టండి. రెండు వైపులా కిందికి జారి చేతిని కప్పినట్టు కూర్చుంటే సరిపోయింది. బల్లపరుపుగా నిలబడితే ఒక గుప్పెడు తీసేయండి. గింజలు పోయడానికి సీసా పైభాగం కోసి గరాటు చేస్తే మెడ దగ్గర అడ్డుపడతాయి, కాగితపు పొట్లం వంపుగా పట్టుకుని పోయడమే హాయి.

ఒకసారి కుట్టిన సంచులను ఉతకకూడదు. గింజలు నీరు పీల్చి ఉబ్బి లోపలే కుళ్లుతాయి, వాసనతో ఆ సంగతి తెలిసిపోతుంది. వానలో తడిసినదాన్ని విప్పి గింజలు మార్చవలసిందే. ఎలుకల భయం ఉంటే అన్నిటినీ ఒక బియ్యం సంచిలో వేసి దూలానికి వేలాడదీయండి.

ఇక ఆడించే పద్ధతి. మీ 24 మందికే ఒక అరగంట పీరియడ్ ఎలా నడుస్తుందో చెబుతాను. మొదటి ఐదు నిమిషాలు సంచిని తల మీద, తరువాత భుజం మీద, ఆ తరువాత చాచిన ముంజేతి మీద పెట్టుకుని ఎవరికి వారే ఆవరణలో నడుస్తారు. సంచి పడితే తీసి పెట్టుకుని మళ్లీ నడవడమే, ఓడిపోవడం లేదు. తరువాత నిలబడిన చోటే ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చడం, ఆపై కళ్ల ఎత్తు వరకు ఎగరేసి రెండు చేతులతో పట్టడం. ఎత్తు కళ్లు దాటనివ్వకండి. మగపిల్లలు వెంటనే చెట్టు కొమ్మ దాకా విసరాలని చూస్తారు, పట్టడం నేర్పడానికి అక్కడితో తెర పడినట్టే.

ఈ దశలో పిల్లలను ఒక్కొక్కరిగా గమనించాలి. కొత్తగా వచ్చిన ఒకటో తరగతి పాపను చూడండి: సంచి దిగి వస్తుండగానే ముఖం పక్కకు తిప్పి, కళ్లు మూసి, రెండు చేతులతో ఛాతీకి హత్తుకుంటుంది. చేతులు కర్రల్లా బిగుసుకుని ఉంటాయి. ఆ పాపకు ఎత్తు ఇంకా తగ్గించి, ముక్కు దాకా మాత్రమే ఎగరేయమని చెప్పి, సంచి మీద ముగ్గుపిండితో ఒక చుక్క పెట్టి దానినే చూడమనండి. మరి కొందరు చప్పట్లు కొట్టినట్టు చేతులు ఆలస్యంగా కలుపుతారు. వాళ్లకు చేతులను ముందే దోసిలి పట్టి ఉంచమని చెబితే చాలు. సంచి చేతిలో పడగానే చేతులు పొట్ట వైపు కాస్త వెనక్కి రావడం మొదలైతే ఆ బిడ్డకు పట్టడం వచ్చినట్టు లెక్క. అప్పుడే జతగా రెండు అడుగుల దూరంలో నిలబెట్టి ఒకరికొకరు అందించుకోనివ్వండి.

చివరి పది నిమిషాలు గురికి విసరడం. దీనికి పాత సైకిల్ టైర్లు ఆరు కావాలి, టైరుకు నలుగురు. సైకిల్ షాపులో ఊరికే ఇస్తారు. తెచ్చిన వెంటనే లోపలి అంచు చుట్టూ పాత గుడ్డను పట్టి తిప్పండి. ఎక్కడైనా గుడ్డ చిక్కుకుంటే అక్కడ తీగ బయటికి వచ్చిందన్న మాట, ఆ టైరు వద్దు. చేత్తో తడిమి చూడవద్దు, తీగ గీరుకుంటుంది. టైరును పిల్లలకు రెండు మీటర్ల దూరంలో నేల మీద పరిచి, నలుగురూ తలో వైపు నుంచి, చేతిని కింది నుంచి ఊపి, ఆ చేతికి ఎదురుగా ఉన్న కాలు ముందుకు వేసి విసరమనండి. మూడుసార్లు లోపల పడిన పిల్లలు ఒక అడుగు వెనక్కి జరుగుతారు, తప్పినవాళ్లు ఒక అడుగు ముందుకు వస్తారు. దీనివల్ల రెండో తరగతి పిల్లవాడూ ఒకటో తరగతి పాపా ఒకే టైరు దగ్గర ఎవరి దూరంలో వారు ఆడగలుగుతారు.

టైర్లలోకి దూకించాలనుకుంటే మట్టి నేల మీదనే. గచ్చు మీద పాదం టైరు అంచున పడితే టైరు జారిపోతుంది. గచ్చు తప్ప చోటు లేకపోతే సుద్దముక్కతో వలయం గీయండి. టైర్లను ఆరుబయట వదిలేస్తే వాన నీరు నిలిచి డెంగీ దోమలు పెరుగుతాయి కాబట్టి ఆట అవగానే వరండాలో గోడకు తగిలించాలి.

దాటే ఆటకు నీళ్ల సీసాలు పనికొస్తాయి. అడుగున మూడు వేళ్ల ఎత్తు ఇసుక పోసి మూత బిగిస్తే గాలికి పడవు. మీ పిల్లలకు అర లీటరు సీసా ఎత్తు చాలు. నాలుగు వార్తాపత్రిక కాగితాలను మూల నుంచి మూలకు బిగుతుగా చుట్టి మైదా జిగురుతో అంటిస్తే కడ్డీ అవుతుంది. దాని రెండు చివరలనూ నొక్కి చదును చేసి రెండు సీసాల మూతల మీద ఊరికే పెట్టాలి. సీసాకు కట్టకూడదు, కాలు తగిలినప్పుడు కడ్డీ పడిపోవాలే గాని బిడ్డ పడకూడదు. ఎండలో ఉంచిన సీసాలు కొన్ని నెలలకు పెళుసెక్కి పగులుతాయి, నొక్కినప్పుడు చిటపటమంటే మార్చేయండి. గాజు సీసాలు, అంచులు కోసిన డబ్బా రేకులు అసలు వద్దు.

ఈ సామానుతో కుదరనిది ఒకటుంది. నేలకు కొట్టి పైకి లేచే బంతిని అదుపు చేయడం గింజల సంచితో రాదు. గుడ్డ పేలికలు చుట్టిన బంతి తన్నడానికి బాగుంటుంది గానీ అదీ ఎగరదు. సమగ్ర శిక్షలో ప్రాథమిక పాఠశాలకు క్రీడా పరికరాల కోసం ఏడాదికి రూ.5,000 వరకు నిర్ణయించారు. ఆ డబ్బు మీ బడికి వచ్చినప్పుడు రింగులు, ప్లాస్టిక్ కోన్‌లు కొనకుండా, అవన్నీ పైవాటితో సరిపెట్టి, పిల్లల రెండు అరచేతుల్లో ఇమిడే పరిమాణంలో మెత్తటి రబ్బరు బంతులు కనీసం ఒక డజను తీసుకోండి. అప్పుడు జతకొక బంతి వస్తుంది.