బట్ట మాస్కు: ఏ నేత, ఎన్ని పొరలు, ఉతికితే ఏమవుతుంది?

"పాత టీషర్టుతో రెండు పొరల మాస్కు కుట్టాను. కొన్ని ఉతుకులకే వెలుతురులో పెడితే చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది. మూడో పొర వేస్తే సరిపోతుందా?"

అదే బట్టతో వేస్తే కొంతే మెరుగవుతుందండీ. టీషర్టు అల్లిక బట్ట. ముఖం మీద సాగినప్పుడల్లా దాని కన్నాలు తెరుచుకుంటాయి, ఉతికి పిండితే ఇంకా వదులవుతుంది. 2019లో నేపాల్ పరిశోధకులు బజారు బట్ట మాస్కులను పరీక్షిస్తే, నాలుగో ఉతుకు తర్వాత వడపోత సుమారు 20 శాతం తగ్గింది.

అందుకే లోపలికి పాప్లిన్ లాంటి దట్టమైన నేత నూలు బట్ట వాడండి. నిలువు, అడ్డం పోగులు బిగుతుగా ఉంటాయి కాబట్టి సాగదు. మధ్యలో నాన్-వోవెన్ పాలీప్రొపిలీన్ పెట్టండి. దీనికి నేతే ఉండదు, సన్నని పోగులు చిక్కుపడి ఉంటాయి. గాలి వంకరగా తిరుగుతూ వెళ్లాలి కాబట్టి కణాలు పోగులకు తగిలి ఆగుతాయి. బయటికి తడి పీల్చని పాలిస్టర్ మిశ్రమం. 2020 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అమరిక ఇదే.

ఊపిరి కష్టమయ్యేంతగా పొరలు పెంచకండి, గాలి పక్కల నుంచి దూరిపోతుంది.

మంచి నూలు మాస్కు ఉతుకులకు బాగానే ఆగుతుంది. 2021లో అమెరికాలోని కొలరాడోలో పరిశోధకులు నూలు బట్టను 52 సార్లు ఉతికి ఆరబెట్టినా వడపోత పెద్దగా తగ్గలేదు, పోగులు నలిగి ఊపిరి కాస్త బిగిసిందంతే. పిండకుండా నీడలో ఆరేయండి. మధ్య పొరకు ఇస్త్రీ తగలనివ్వకండి, కరుగుతుంది. నలుపు బట్టైనా సరే, బల్బుకు ఎదురుగా పట్టి చూసి వెలుతురు చుక్కలు కనిపిస్తే మార్చేయండి.