మజ్జిగ సీసా మీద ‘మెత్తని’ అని ఎందుకు వస్తోంది?

ప్రశ్న: కువైట్‌లో ఉంటున్నాను. అరబ్బీ చదవడం రాదు. మజ్జిగ సీసా మీదికి ఫోను కెమెరా తిప్పితే పెద్ద అక్షరాలకు తెలుగులో ఒకసారి ‘మెత్తని’ అని, ఇంకోసారి అర్థంలేని ముక్కలు వస్తున్నాయి. వెనకవైపు చిన్న అక్షరాలు మాత్రం బాగానే వస్తున్నాయి. అనువాదం యాప్ మార్చాలా?

జవాబు: మార్చనక్కర్లేదు. తప్పు అనువాదంలో లేదు, అంతకుముందు అక్షరాలను గుర్తించే దశలోనే జరుగుతోంది. గల్ఫ్‌లో మజ్జిగ సీసాల మీద ఉండే మాట ‘లబన్’. దాని నడిమి అక్షరం ‘బ’ మాట మధ్యలో వచ్చినప్పుడు చిన్న పన్నులా కనిపిస్తుంది, కింద ఒక చుక్క ఉంటుంది. అదే పన్ను కింద రెండు చుక్కలు ఉంటే అది ‘య’. అప్పుడు మాట ‘లయ్యిన్’ అవుతుంది, అంటే మెత్తని. చుక్కకు బదులు చిందుతున్న పాలబొట్టును గీసే డిజైనర్లున్నారు. పక్కన ఇంకో తుంపర పడిందంటే సాఫ్ట్‌వేర్ రెండు చుక్కలు లెక్కపెడుతుంది. మీ సీసా విషయంలో నా అనుమానం ఇదే.

అర్థంలేని ముక్కలకు కారణం వేరు. అరబ్బీలో అక్షరాలను కలిపే గీతను అందం కోసం ఎంతైనా సాగదీస్తారు. దీన్ని కషీదా అంటారు. లోగోల్లో ఒక అక్షరం మీద ఇంకొకటి ఎక్కించడమూ మామూలే. సాఫ్ట్‌వేర్ సాధారణంగా మాటలు ఒకే వరుసలో ఉన్నాయనుకుని కుడి నుంచి ఎడమకు చదువుతుంది. వరుస విల్లులా వంగినా, సీసా గుండ్రానికి అంచు అక్షరాలు నొక్కుకుపోయినా మాటను మధ్యలో తెగ్గొడుతుంది. వెనకవైపు చిన్న అక్షరాలు సాదా ముద్రణలో, తిన్నని వరుసల్లో ఉంటాయి కాబట్టే సరిగ్గా వస్తున్నాయి.

కెమెరాను ఊరికే తిప్పుతూ చూడకండి, ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు, నిగనిగలాడే ప్లాస్టిక్ మీద ఆ మెరుపు చుక్కలను మింగేస్తుంది. సీసాను తిప్పుతూ, కావలసిన మాట కెమెరాకు ఎదురుగా వచ్చాక తీసి, బొమ్మలు లేకుండా ఆ మాట వరకే కత్తిరించండి. తర్వాత అనువాదం చూసే ముందు, యాప్ గుర్తించిన అరబ్బీ పాఠాన్ని తెరిచి సీసాతో పోల్చండి. భాష రాకపోయినా చుక్కలు ఎన్ని, పైనా కిందా అన్నది చూడగలరు. కలిసి ఉండాల్సిన అక్షరాలు విడివిడిగా కనిపించినా అది తప్పు చదువే. అప్పుడు ఫోనులో అరబ్బీ కీబోర్డు పెట్టుకుని, చుక్కలు సరిచూసుకుంటూ ఆ మాటను మీరే టైపు చేయండి. మూడు అక్షరాలే కదా.

బాగా మెలికలు తిప్పిన కంపెనీ పేర్ల జోలికి మాత్రం పోకండి. సరిగ్గా చదివించినా, పేరును అనువదిస్తే సరుకేమిటో తెలియకపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా పాలు, వేరుశనగ పడకపోతే ముందువైపు మాటలను లెక్కలోకే తీసుకోవద్దు. వెనక ‘అల్ ముకవ్వినాత్’ అనే శీర్షిక కింద పదార్థాల జాబితా ఉంటుంది. దాన్నే ఫొటో తీయండి. పక్కన ఇంగ్లీషు జాబితా కూడా ఉంటే రెండింటినీ సరిపోల్చుకోండి.