ప్రకటనలోని గ్రాఫ్ మోసం చేస్తోందా?

ఒక ప్రకటనను ఫొటో తీశాను. అందులో ఒక బార్ రెండోదానికి మూడు రెట్లుంది, పక్కనే త్రీడీ పై చార్ట్. నమ్మొచ్చా?

స్కేలుతో బార్ల పొడవు కొలిచి, వాటిపై రాసిన అంకెలతో పోల్చండి. 92 అని ఉన్నది 2 సెంటీమీటర్లు, 96 అని ఉన్నది 6 సెంటీమీటర్లు వచ్చాయనుకోండి. అంకెల తేడా 4, పొడవులో తేడా కూడా 4 సెంటీమీటర్లు. అంటే ఒక్కో సెంటీమీటరు ఒక్కో అంకె; 92 నుంచి 2 సెంటీమీటర్లు కిందికి వస్తే అడుగు గీత సున్నా కాదు, 90. మూడు రెట్లుగా కనిపించేది నిజానికి 4 శాతం పైచిలుకు తేడానే! ఫొటో వంకరగా ఉంటే మాత్రం ఈ కొలతను నమ్మలేం, ఎదురుగా నిలబడి మళ్లీ తీయండి.

త్రీడీ పై చార్ట్‌ను కొలవడం దండగ. వెనక్కి వాల్చిన బిళ్లలో ముందున్న ముక్కకి అంచు మందం కూడా కలిసి పెద్దదిగా కనిపిస్తుంది. ప్రకటన ఇచ్చినవాళ్లు తమ వాటాని అక్కడ పెట్టుకున్నారేమో చూడండి. శాతాలు చదివితే చాలు. అవి రాయకపోతే ఆ బొమ్మని వదిలేయండి.