ఏప్రిల్‌లో రాజీనామా వద్దు, జూన్ దాటనివ్వండి

ప్రశ్న: హనుమకొండలో ఓ ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచర్‌గా చేస్తున్నాను. వచ్చే జూన్‌కి ఐదేళ్లవుతుంది. నా జీతం 28 వేలు, అందులో బేసిక్ 15 వేలు. మావారికి 32 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు నెలకు 45 వేలు. 2 లక్షల చీటీకి నెలకు 10 వేలు కడుతున్నాను, జూలైతో అయిపోతుంది. బ్యాంకులో 60 వేలున్నాయి. ఏప్రిల్‌లో రాజీనామా చేసి ఆరు నెలల డేటా అనలిటిక్స్ కోర్సులో చేరదామనుకుంటున్నాను. ఫీజు 2.4 లక్షలు, 24 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. సీటుకు 5 వేలు కట్టాను, లోన్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టలేదు. కోర్సు అయ్యేదాకా ఇల్లు గడవడానికి చీటీ పాడుకోవచ్చా?

జవాబు: పాడకండి. లోన్ కాగితాల మీద సంతకమూ పెట్టకండి.

టీచర్ వృత్తి నుంచి ఐటీ వైపు వద్దామనుకునే వాళ్లలో చాలామంది ఇదే వరసలో వెళ్తారు. ముందు ఉద్యోగం మానేస్తారు, తర్వాత అప్పు చేస్తారు, ఆ తర్వాత నేర్చుకోవడం మొదలుపెడతారు. అత్యవసర నిధి గురించి చివర్లో ఆలోచిస్తారు, అప్పటికి దాచడానికేమీ మిగలదు. అందుకే మీ ఉత్తరానికి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు చెప్పిన అంకెలతోనే లెక్క వేద్దాం. ఏప్రిల్ తర్వాత ఇంట్లోకి వచ్చేది మీవారి 32 వేలే. పోయేది ఇంటి ఖర్చు 45 వేలు, చీటీ 10 వేలు, ఈఎంఐ 10 వేలు, మొత్తం 65 వేలు. అంటే నెలకు 33 వేలు తక్కువ పడుతుంది. ఇప్పటి నుంచి ఏప్రిల్ దాకా నెలకు 5 వేల చొప్పున మిగిల్చినా మీ చేతిలో సుమారు 80 వేలుంటాయి. అవి రెండున్నర నెలలు కూడా రావు, కోర్సేమో ఆరు నెలలు. అది పూర్తయిన మర్నాడే ఉద్యోగం దొరుకుతుందని ఎవరూ రాసివ్వరు. మూడో నెల ఖర్చులకు ఏం చేయాలో తెలియకే మీరు చీటీ గురించి అడిగారు. దాని తర్వాత వంతు మెడలో బంగారానిది. ఈ వరస నేను చాలా ఇళ్లలో చూశాను, ఇక్కడితో ఆపమని గట్టిగా చెబుతున్నాను.

పాడుకున్న చీటీ అప్పుతో సమానం. పాటలో కొంత వదులుకుంటారు, జామీను చూపించాలి, మిగిలిన వాయిదాలు జీతం లేకపోయినా కట్టాలి. నో కాస్ట్ ఈఎంఐ కూడా మీ పేరు మీద ఓ ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పే. డబ్బు నేరుగా కోర్సు సంస్థకు చేరుతుంది, బాకీ మీకు ఉంటుంది. రెండో నెలలో పాఠాలు నచ్చక మానేసినా వాయిదా ఆగదు, ఒక్కటి తప్పినా మీ సిబిల్ స్కోరు పడిపోతుంది. ఉద్యోగం గ్యారంటీ అంటే దాని షరతులు రాతపూర్వకంగా అడగండి. ఎన్ని ఇంటర్వ్యూలకు పంపితే వాళ్ల బాధ్యత తీరిపోతుందో అందులో ఉంటుంది.

ఇక జూన్ సంగతి. గ్రాట్యుటీ ప్రైవేటు స్కూలు టీచర్లకూ వర్తిస్తుంది. అప్పటి గ్రాట్యుటీ చట్టానికి 2009లో చేసిన సవరణను 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా తెచ్చారు, 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఐదేళ్లు నిండితే చివరి బేసిక్‌ను 26తో భాగించి, 15తోనూ సర్వీసు ఏళ్లతోనూ గుణిస్తారు. మీకు 43 వేల రూపాయల పైన వస్తుంది. విద్యాసంవత్సరం అయిపోయింది కదా అని ఏప్రిల్‌లో మానేస్తే రెండు నెలల తొందరకు ఆ డబ్బు మీద హక్కు చేజారవచ్చు. చేరిన తేదీని నియామక పత్రంలో చూసుకోండి. కొన్ని స్కూళ్లు ఏటా జూన్‌లో కొత్త పత్రం ఇచ్చి సర్వీసు తెగిందని వాదిస్తాయి. అందుకే పాత పత్రాలు, జీతం జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి. పీఎఫ్ ఉంటే తీయకండి. ఐదేళ్లలోపు తీస్తే పన్ను పడుతుంది. కొత్త ఉద్యోగానికి బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది.

జూలై దాకా స్కూల్లోనే ఉంటే ఏమవుతుందో చూడండి. చీటీ చివరిదాకా ఉంచితే కమిషన్ పోను దాదాపు 1.9 లక్షలు వస్తుంది. బ్యాంకులో 60 వేలు, నెలనెలా మిగిలే 5 వేలు కలిపితే సుమారు 2.9 లక్షలు. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు 2.7 లక్షలు. రూపాయి అప్పు లేకుండా అత్యవసర నిధి సిద్ధమవుతుంది. దాన్ని షేర్లలోనో బంగారంలోనో పెట్టకుండా అవసరమైనప్పుడు వెంటనే తీసుకోవడానికి వీలుండే స్వీప్ ఇన్ ఎఫ్‌డీలో ఉంచండి. గ్రాట్యుటీ వస్తే అదీ అందులోకే. కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా లేకపోతే రాజీనామాకు ముందే తీసుకోండి.

ఈలోగా చదువు ఆగక్కర్లేదు. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ ఈ క్రమంలో రోజుకు గంటన్నర చొప్పున నేర్చుకోండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు ఒక్కటే కట్టాలి.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న సరుకు మార్కుల రిజిస్టరు. నలభై మంది రాసిన ఒక యూనిట్ టెస్టు తీసుకోండి. పేర్లు తీసేసి, ప్రశ్నవారీగా ఒప్పు అయితే 1, తప్పయితే 0 వేయండి. మొత్తం మార్కుల్లో పైనున్న 11 మందిని, కిందున్న 11 మందిని విడదీయండి. ఏడో ప్రశ్నకు పైవాళ్లలో 9 మంది, కిందివాళ్లలో ఇద్దరు సరిగా రాశారనుకోండి. తేడా 7, దాన్ని 11తో భాగిస్తే 0.64. విషయం వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ ఆ ప్రశ్న బాగా వేరు చేస్తోంది. సున్నా దగ్గర ఉంటే ఆ ప్రశ్నతో తెలిసేదేమీ లేదు. మైనస్‌లోకి పోతే ముందు జవాబుల కీ తప్పేమో చూడాలి, తర్వాత ప్రశ్న వాక్యంలో తికమక ఉందేమో చూడాలి. ఆ రెండోది పాఠం చెప్పినవాళ్లు పట్టుకున్నంత తేలిగ్గా కోడింగ్ ఒక్కటే తెలిసిన కుర్రాడు పట్టుకోలేడు. ఇలాంటి మూడు పరీక్షల విశ్లేషణ, ఒక పవర్ బీఐ డాష్‌బోర్డు ఉంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీకు సొంత పని ఉన్నట్టే.

అందుకని ఉద్యోగాల సైట్లలో డేటా అనలిస్ట్ అని ఒక్కటే వెతక్కండి, ఆ పేరుతో ఇంజినీరింగ్ ఫ్రెషర్లంతా దరఖాస్తు చేస్తారు. పరీక్షలు తయారుచేసే సంస్థల్లో అసెస్‌మెంట్ అనలిస్ట్, కార్పొరేట్ స్కూళ్ల హెడ్డాఫీసుల్లో అకడమిక్ ఎంఐఎస్, విద్యారంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్ అసోసియేట్ అని వెతకండి. మొదటి జీతం ఇప్పటి 28 వేల దగ్గరే ఉండొచ్చు. పది వేల ఈఎంఐ నెత్తిన ఉంటే అలాంటి మంచి ఉద్యోగాన్ని కూడా వద్దనాల్సి వస్తుంది. అప్పు లేకపోతే ఒప్పుకోగలరు. జూన్ దాటాక ఆఫర్ లెటర్ చేతికొస్తే, మీ నోటీసు గడువు చూసుకుని అప్పుడు రాజీనామా ఇవ్వండి.

సీటుకు కట్టిన 5 వేలు వెనక్కి ఇవ్వమని ఇవాళే మెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే ఆధారం ఉండదు. వాళ్లు ఇవ్వకపోయినా, ఆ 5 వేలు పోతాయని 2.4 లక్షల అప్పు మీద సంతకం పెట్టకండి.