నడుం పట్టు మాత్ర వేసుకున్నాక ఎన్ని గంటలు బండి తీయకూడదు?

ప్రశ్న: "నడుం పట్టేసిందని డాక్టర్ కండరాలు వదులయ్యే ట్యాబ్లెట్ రాశారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. స్ట్రిప్ మీద టిజానిడిన్ 2 మి.గ్రా. అని, దాంతోపాటు ఇంకో నొప్పి మందు పేరు ఉంది. నేను రోజూ డోన్ నుంచి కర్నూలుకు బైక్ మీద డ్యూటీకి పోతాను. నిద్ర వస్తుందని షాపులో చెప్పారు గానీ ఎన్ని గంటలో చెప్పలేదు. వేసుకున్నాక ఎంతసేపు ఆగి బండి తీయొచ్చు?"

అన్నా, ముందు పొద్దున మాత్ర సంగతి చెప్తాను. అది వేసుకున్న రోజు హైవే మీద బండి తీయొద్దు. రాత్రి మాత్ర అయితే త్వరగా వేసుకుని, నిండా నిద్రపోయి, లేచాక మత్తు ఏమాత్రం లేకపోతే పొద్దున వెళ్లొచ్చు. అదీ మొదటి ఒకటి రెండు రోజులు మీ ఒంటికి ఎలా పడుతుందో చూసుకున్నాకే. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను కడపలో మెడికల్ షాపులో ఫార్మసిస్టును. ఈ మాత్రను రోజూ చేత్తో ఇచ్చేవాడిని, అయినా ఒకసారి అది వేసుకుని బండెక్కాను.

అప్పుడు నాకు మెడ పట్టేసింది, తల తిప్పడానికి లేదు. మధ్యాహ్నం అన్నం తిని 2 గంటలకు మీరు చెప్పిన మాత్రే, అదే 2 మి.గ్రా. వేసుకున్నాను. ప్రొద్దుటూరులో పని ఉండి మైదుకూరు దారిలో 2.45కి బయలుదేరాను. అప్పటికి నాకు మత్తనేదే లేదు, పైగా మెడ కాస్త వదులైందని హాయిగా ఉంది. చెన్నూరు దగ్గర పెన్న బ్రిడ్జి ఎక్కింది గుర్తుంది, బ్రిడ్జి మీద ఎదురుగా ఒక గడ్డి ట్రాక్టర్ వచ్చింది కూడా గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఖాజీపేట బోర్డే. మధ్యలో దారి లేదు. కళ్లు మూసుకున్నానా, తెరిచే ఉన్నానా అనేది ఇప్పటికీ చెప్పలేను. బండి మాత్రం రోడ్డు కుడివైపుకు జరిగిపోయి ఉంది, వెనక లారీ హారన్ కొడుతోంది.

అక్కడే ఒక టీ అంగడి దగ్గర ఆపాను. నాలుక అంగిట్లో అతుక్కుపోయినట్టు నోరు ఎండిపోయింది. టీ తాగి బెంచీ మీద నుంచి లేవగానే కళ్లు బైర్లు కమ్మి మళ్లీ కూలబడ్డాను. అప్పుడు టైం చూసుకుంటే 3.30. మాత్ర పడి గంటన్నర. టిజానిడిన్ రక్తంలో ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ సమయానికే. ఇది నిద్ర తెప్పించడమే కాదు, బీపీని కూడా తగ్గిస్తుంది. లేచి నిలబడగానే తల తిరిగేది అందుకే. బండి అక్కడే పెట్టి, బస్సులో ఇంటికొచ్చి పడుకున్నాను. రాత్రి 8 దాకా మబ్బుగానే ఉంది. మరుసటి రోజు పోయి బండి తెచ్చుకున్నాను.

ఆ రోజు నాకు అర్థమైంది ఏంటంటే, మత్తు ముందుగా చెప్పి రాదు. "నిద్ర వస్తే ఆపుతాలే" అని బయలుదేరడంలోనే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఆపాలని అనుకోవాల్సిన బుర్రే ముందు మందగిస్తుంది. టీ తాగినా, మొహం కడుక్కున్నా పది నిమిషాలు కళ్లు తెరుచుకుంటాయేమో గానీ, మాత్ర రక్తంలోంచి పోదు.

ఇప్పుడు మీ లెక్క. టిజానిడిన్ రక్తంలో ప్రతి రెండున్నర గంటలకు దాదాపు సగం తగ్గుతుంది. రాత్రి 9కి వేసుకున్నారనుకోండి. పదిన్నరకు పైకెక్కి, అక్కడి నుంచి దిగుతుంది. ఒంటిగంటకు సగం, మూడున్నరకు పావు, 6 గంటలకు పరకవంతు, అంటే ఎనిమిదో వంతు. మీరు ఎనిమిదిన్నరకు బయలుదేరేసరికి పదహారో వంతు మిగులుతుంది. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు అది పెద్దగా పట్టదు. అదే మాత్ర పొద్దున 8కి టిఫిన్ తర్వాత వేసుకుని ఎనిమిదిన్నరకు బండెక్కితే, తొమ్మిదిన్నరకు, అంటే మీరు కర్నూలు చేరే ముందు, లారీల మధ్యలో ఉన్నప్పుడు, అది పూర్తి బలంలో ఉంటుంది. నాకు ఖాజీపేట దగ్గర జరిగింది ఇదే లెక్క. పొద్దున మాత్ర ప్రభావం మధ్యాహ్నం 2 దాకా, కొందరికి సాయంత్రం దాకా కూడా ఉంటుంది. అందుకే దానికి గంటలు చెప్పడం లేదు, ఆ రోజు బస్సు ఎక్కండి అంటున్నాను.

రాత్రి మాత్ర మర్చిపోయి పన్నెండింటికి గుర్తొస్తే ఈ లెక్కంతా మూడు గంటలు ఆలస్యంగా నడుస్తుంది. పొద్దున మీరు బయలుదేరే వేళకు ఎనిమిదో వంతు కంటే ఎక్కువే ఉంటుంది, మీ నిద్ర కూడా తక్కువే. అలాంటప్పుడు ఆ రాత్రికి మాత్ర వదిలేయండి, లేదా వేసుకుని మరుసటి రోజు బండి వదిలేయండి. మర్చిపోయిన మాత్రను ఎప్పుడూ తర్వాతి మాత్రతో కలిపి వేసుకోవద్దు.

ఈ లెక్క తప్పే సందర్భం ఒకటుంది, దాన్ని మాత్రం నిదానంగా చదవండి. ఆ మధ్య మా షాపుకు ఒకామె రెండు స్ట్రిప్పులు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. వాళ్లాయన ఆటో నడుపుతాడు. పొద్దున 5 గంటలకు స్టేషన్‌కు పోదామని మంచం దిగి నిలబడగానే గోడకు పడ్డాడట. పిలిస్తే పలుకుతున్నాడు గానీ మాట ముద్దగా వస్తోందని ఏడుస్తోంది. ఒక స్ట్రిప్పు మెడ నొప్పికి రాత్రి 10కి వేసుకున్న టిజానిడిన్. రెండోది మూత్రంలో మంటకు ఇంకో చోట రాసిన సిప్రోఫ్లాక్సాసిన్ 500, రోజుకు రెండు. ఇద్దరు డాక్టర్లు, ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. ఆ రెండు స్ట్రిప్పులు పక్కపక్కన చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. వెంటనే ఆస్పత్రికి పంపాను. అక్కడ చూస్తే పై బీపీ 90 కూడా లేదు.

ఎందుకంటే టిజానిడిన్‌ను విరిచి బయటికి పంపేది కాలేయంలోని ఒక ఎంజైమ్. సిప్రోఫ్లాక్సాసిన్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అడ్డుకుంటే అదే 2 మి.గ్రా. మాత్ర రక్తంలో దాదాపు పది రెట్లు అవుతుంది. ఇందాకటి లెక్కలో పదహారో వంతు మిగిలిందన్నాను కదా, దాన్ని పదితో గుణించి చూడండి. పొద్దున బండి తీసే వేళకు, మామూలుగా మాత్ర పూర్తి బలంలో ఉన్నప్పుడు ఉండే దాంట్లో సగానికి పైగా ఉంటుంది. ఇక నడిరాత్రి ఎంత ఉండి ఉంటుందో ఆలోచించండి. అందుకే ఈ రెండూ కలిపి అసలు వాడకూడదు, గంటలు ఆగి వాడటమనే మాటే లేదు. మనసుకు సంబంధించిన జబ్బులకు ఇచ్చే ఫ్లూవోక్సమిన్‌తో కూడా ఇంతే. ఆ ఆటో ఆయనకు యాంటీబయాటిక్ మార్చారు, టిజానిడిన్ ఆపేశారు, రెండో రోజుకు కోలుకున్నాడు. కాబట్టి మీరు జ్వరానికో, విరేచనాలకో, మూత్రంలో మంటకో ఏ మందు వాడుతున్నా దాని పేరు ముందుగా డాక్టర్‌కు చెప్పండి.

పది రెట్లు కాకపోయినా, ఈ మాత్ర ఎక్కువసేపు నిలిచే మనుషులు ఇంకా ఉన్నారు. అరవై దాటినవాళ్లకు, కిడ్నీ సరిగా లేనివాళ్లకు, గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లకు ఇది నెమ్మదిగా పోతుంది. మీ ఇంట్లో అమ్మకో, వదినకో "నాకు పని చేసింది" అని మీ స్ట్రిప్పులోంచి ఇవ్వొద్దు. బీపీ మందు వాడేవాళ్లకు తల తిరగడం ఇంకా ఎక్కువ. మద్యం తాగితే రెండు మత్తులు కలుస్తాయి. జలుబు మాత్రల్లో ఉండే సెట్రిజిన్, నడుం నుంచి కాలికి లాగే నొప్పికి రాత్రిపూట ఇచ్చే ప్రీగాబలిన్ కూడా మత్తునిచ్చేవే. ఇవి కూడా వాడుతుంటే రాత్రి మాత్ర గురించి నేను చెప్పిన లెక్క మీకు చెల్లదు.

వేరే మాత్రలకు ఈ గంటలు వేయొద్దు. నడుం నొప్పికి డయాజెపామ్ ఇస్తే అది ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది, రాత్రి వేసుకున్నా మరుసటి రోజు బండి మాటే వద్దు. క్లోర్‌జోక్సాజోన్ త్వరగా పోతుంది గానీ ఉన్నంతసేపు నిద్ర తెప్పిస్తుంది. థయోకోల్చికోసైడ్ చాలామందికి మత్తు తక్కువ ఇస్తుంది, అయినా కొందరికి తెస్తుంది. దాన్ని ఏడు రోజులకు మించి వాడకూడదు, గర్భిణులు అసలు వాడకూడదు. అందుకే బ్రాండ్ పేరు చూసి కాదు, స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూసి అడగాలి. ఒకే కంపెనీ ఒకే పేరుకు వెనక ఒకటో రెండో అక్షరాలు చేర్చి వేరే మందు కలిపి అమ్ముతుంది.

పొద్దున లేచాక మీరు చూసుకోవాల్సినవి ఇవి. మంచం మీద ఒక నిమిషం కూర్చుని తర్వాత నిలబడండి. తల తిరిగిందా? నోరు బాగా ఎండిందా? స్నానం చేసినా కళ్లు బరువుగా ఉన్నాయా? ఎవరైనా మాట్లాడితే రెండోసారి అడగాల్సి వస్తోందా? ఒక్కటి ఉన్నా ఆ రోజు బండి తాళం ఇంట్లోనే పెట్టండి. ఏదీ లేకపోయినా మొదటి రోజు హైవే వద్దు. పాల ప్యాకెట్‌కు వీధి చివరికి నడిచి వెళ్లి చూసుకోండి.

ఈ రోజే డాక్టర్‌కు ఫోన్ చేసి ఇలా చెప్పండి: "సార్, నేను రోజూ హైవే మీద బైక్ నడుపుతాను. పొద్దున మాత్ర మానేసి రాత్రి ఒక్కటే వేసుకోవచ్చా? పొద్దునకు మత్తు లేని నొప్పి మాత్ర ఒక్కటే ఇస్తారా?" మీ పని సంగతి తెలియకే పొద్దున, రాత్రి అని రాసి ఉండొచ్చు. రోజూ రెండు మాత్రలూ మీరే ఒకేసారి రాత్రికి కలిపి వేసుకోవద్దు, బీపీ పడిపోతుంది. ఐదు రోజుల కోర్సు కాబట్టి మధ్యలో ఆపినా ఇబ్బంది రాదు. నెలల తరబడి ఎక్కువ మోతాదులో వాడేవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, బీపీ ఎగబాకుతుంది.

ఫోన్ కలవకపోతే స్ట్రిప్ వెనక వైపు ఫొటో, మీరు వాడే మిగతా మందుల పేర్లు ఇక్కడ పెట్టండి. ఏవైనా కలవకూడనివి ఉన్నాయేమో చూసి రాత్రి 9లోపు చెప్తాను. అప్పటిదాకా మాత్ర వేసుకోకుండా ఆగండి.